కోటిన్నర గీత దాటి నోటీసు అందుకునే శాస్త్రీయ పద్ధతి

మన తిరుపతిలో కొన్ని అంగళ్లకు ఒక అద్భుత శక్తి ఉంది. బ్రహ్మోత్సవాలకు జనం ఎంత విరగబడినా, ఊరి చుట్టూ ఎన్ని అపార్టుమెంట్లు లేచినా, ఏడాది అమ్మకం మాత్రం సరిగ్గా 1,49,80,000 దగ్గర ఆగి నిలబడుతుంది. అది ఆగిందో లేదో, ఆ పక్కనే బావమరిది పేరుతో ఇంకో అంగడి పుట్టుకొస్తుంది. గల్లాపెట్టె ఒకటే, తాళంచెవి ఒకటే, పాన్ కార్డు మాత్రం వేరు. అంతటి నిగ్రహం ఉన్నవాళ్లకు ఈ వ్యాసంతో పనిలేదు. ఇది ఎవరినీ మోసం చేయకుండా, అంకె ఒక్కటీ దాచకుండా, కేవలం ఏమరుపాటుతో తొమ్మిది లక్షల పన్ను నెత్తిన వేసుకోవాలని కోరుకునే సగటు వర్తకుడి కోసం.

జీఎస్టీలో చిన్న వర్తకులకు పెట్టిన కాంపోజిషన్ పథకం సంగతి అందరికీ తెలిసిందే. ముందటేడు అమ్మకం కోటిన్నర మించనివాళ్లకు, ఈ ఏడు కూడా మించనంతవరకే. వర్తకులైతే అమ్మకం మీద 1 శాతం కడితే చాలు. మూడు నెలలకోసారి పన్ను కట్టే ఫారం CMP-08, ఏడాదికోసారి మొత్తం లెక్క చెప్పే రిటర్ను GSTR-4. దానికి బదులు గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, సరకు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి అడగకూడదు. అంగడి బోర్డు మీద తాను కాంపోజిషన్ వర్తకుణ్ణని రాసిపెట్టాలి. ఈ చివరి నియమాన్ని ఎక్కువమంది మనసులోనే పాటిస్తారు.

ఇక ప్రయోగం. తిలక్ రోడ్డులో ఒక హార్డ్‌వేర్ అంగడి అనుకుందాం. పీవీసీ పైపులు, పెయింట్లు, కుళాయిలు, తాళాలు. అన్నీ 18 శాతం పన్ను సరకే. అప్పట్లో 28 శాతం ఉన్న సిమెంటు జోలికి పోలేదు కాబట్టి లెక్క మనకు తేలిక. సంవత్సరం 2024-25.

మొదటి మెట్టు, ఏది లెక్కలోకి వస్తుందో తెలుసుకోకపోవడం. 2024 డిసెంబరు 5 రాత్రికి అంగడి అమ్మకం 1,48,20,000. ఓనరుకు ఈ అంకె నోటికొచ్చు. ఇంకా 1,80,000 చోటుందని ధీమా. కానీ చట్టం చూసేది అంగడిని కాదు, పాన్ కార్డుని. ఆయన పేరు మీదే మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చి ఉంది, నెలకు 15,000. ఇంటి అద్దె మీద పన్ను లేకపోవచ్చు, కానీ పన్ను లేని ఆదాయం కూడా మొత్తం టర్నోవరులో కలుస్తుంది. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా 1,20,000. అంటే అసలు అంకె 1,49,40,000. బ్యాంకు డిపాజిట్ల వడ్డీని మాత్రం ఈ అర్హత లెక్కలో కలపరు. ఆ ఒక్క దయా ఉంది. కానీ మన ఓనరు డబ్బు డిపాజిట్లో పెట్టకుండా మేడ కట్టాడు.

డిసెంబరు 6న కరకంబాడి రోడ్డులో ఇల్లు కట్టే మేస్త్రీ వచ్చి 92,000కి పైపులూ కుళాయిలూ తీసుకెళ్లాడు. మొత్తం 1,50,32,000. ఓనరు లెక్కలో ఇంకా 88,000 మిగిలే ఉంది. చట్టం లెక్కలో ఆ రోజే కాంపోజిషన్ పోయింది. మార్చి 31న కాదు, నెలాఖరున కాదు, నోటీసు వచ్చిన రోజున అసలే కాదు. దాటిన రోజునే. ఈ ఒక్క ముక్క పట్టించుకోకపోతే మిగతా మెట్లన్నీ వాటంతటవే వస్తాయి.

పట్టించుకునే నీరసపు మనుషులు ఏం చేస్తారో కూడా చెప్పాలి. ఏడు రోజుల్లోపల, అంటే డిసెంబరు 13 నాటికి, జీఎస్టీ సైటులో Services > Registration కింద ఉండే CMP-04 వేస్తారు. కాంపోజిషన్ నుంచి తప్పుకుంటున్నామని, ఏ తేదీ నుంచో, ఎందుకో రాస్తారు. డిసెంబరు 6 నుంచే 18 శాతం విడిగా చూపించే ట్యాక్స్ ఇన్‌వాయిస్ రాస్తారు. రిజిస్ట్రేషన్ నంబరు మారదు, కొత్తగా తీసుకోనక్కర్లేదు. తర్వాత డిసెంబరు 5 రాత్రికి గోడౌన్లో ఉన్న సరకంతా లెక్కబెట్టి, ఏ సరకు ఏ బిల్లుతో వచ్చిందో జతచేసి, ముప్పై రోజుల్లో ITC-01 వేస్తారు. ఆ సరకు కొన్నప్పుడు కట్టిన పన్ను అప్పుడు క్రెడిట్‌గా తిరిగొస్తుంది.

మన అంగడిలో ఆ రాత్రి సరకు పన్ను కాక 18 లక్షలది ఉందనుకోండి. అందులో 3 లక్షల సరకు ఏడాది దాటిన బిల్లులది. ఎవరూ కొనని రంగు పెయింటు డబ్బాలూ, కాలం చెల్లిన మోడల్ కుళాయిలూ. బిల్లు తేదీకి ఏడాది దాటితే క్రెడిట్ లేదు కాబట్టి ఆ 54,000 పోయింది. మిగతా 15 లక్షల మీద 2,70,000 వస్తుంది. 2 లక్షలు దాటింది కనుక చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ పెట్టాలి. చెన్నై నుంచి తెచ్చిన సరకు మీద పడ్డ ఐజీఎస్టీ అదే పేరుతో, ఇక్కడ కొన్నదాని మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వాటి పేర్లతో చూపాలి.

ఇప్పుడు అసలు లెక్క. డిసెంబరు 6 నుంచి మార్చి 31 దాకా అంగడి 59 లక్షలు అమ్మింది. ఆ ధరలోనే 18 శాతం పన్ను ఉందనుకుంటే, పన్ను భాగం సరిగ్గా 9,00,000. ఆ సరకు కొన్న ఖర్చులో పన్ను 8,10,000. పాత సరకు మీద ITC-01తో వచ్చిన 2,70,000, డిసెంబరు 6 తర్వాత కొన్నదాని మీద 5,40,000. చేతి నుంచి కట్టాల్సింది 90,000. కాంపోజిషన్లోనే ఉండి ఉంటే 59 లక్షల మీద 59,000 కట్టేవాడు. అంటే గీత దాటినందుకు నాలుగు నెలలకు పడ్డ అదనపు భారం 31,000. ఇంత చిన్న మొత్తం కోసమా మనం భయపడేది? దీన్ని పెంచే మార్గం ఉంది.

ఆ మార్గం ఏమీ చేయకపోవడం. మన ఓనరు పాత బిల్లు పుస్తకమే కొనసాగించాడు. జనవరి 18న CMP-08 వేసి 1 శాతం కట్టాడు. ఏప్రిల్లోనూ కట్టాడు. 2025 జూన్ 30 లోపల GSTR-4 కూడా వేసి, అమ్మకం 2,07,20,000 అని తన చేత్తో తానే రాసిచ్చాడు. సైటు రసీదు ఇచ్చింది. రసీదు వచ్చిందంటే ఒప్పుకున్నట్టే అన్నది మన వర్తక లోకంలో బలమైన నమ్మకం. నోటీసు ఎలా వచ్చిందో, ఎవడు చెప్పాడో అని తర్వాత ఆయన ఊరంతా వాకబు చేశాడు. చెప్పినవాడు అద్దంలో కనిపించేవాడే. అయినా సరకు పంపిన కంపెనీల GSTR-1లూ, ఈ-వే బిల్లులూ ఎలాగూ ఉన్నాయి. పక్క కర్ణాటకలో 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న అంగళ్లకు కూడా నోటీసులిచ్చారు.

2026 జనవరిలో, కాంపోజిషన్ ఎందుకు తీసేయకూడదో చెప్పమని అడిగే CMP-05 నోటీసు వచ్చింది. వచ్చిందంటే, సైటులో Services > User Services > View Additional Notices/Orders కింద వచ్చి కూర్చుంది. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఓనరుది కాదు, పాత ఆడిటరుది. ఆయన ఇప్పుడు ఫోనెత్తడు. జవాబు CMP-06లో ఇవ్వడానికి ఉన్నది 15 రోజులు. ఓనరుకు విషయం తెలిసేసరికి అందులో ఎక్కువ భాగం గడిచిపోయింది. జవాబు అందిన ముప్పై రోజుల్లో అధికారి CMP-07లో ఉత్తర్వు ఇస్తారు. 2024 డిసెంబరు 6 నుంచే కాంపోజిషన్ చెల్లదు అని.

ఉత్తర్వు వచ్చాక కూడా ITC-01 వేయడానికి ముప్పై రోజులు ఇస్తారు. ఇక్కడే చట్టం చమత్కారం చూడాలి. తలుపు తీసే ఉంది, కానీ క్రెడిట్ అడగాల్సింది 2024 డిసెంబరు 5 రాత్రి స్టాకులో ఉన్న సరకు మీద, ఆ బిల్లులన్నీ 2024 డిసెంబరు 6కి ముందువి. అన్నిటికీ ఏడాది దాటిపోయింది. 2,70,000 హరీ. మరి డిసెంబరు 6 తర్వాత కొన్న సరకు మీది 5,40,000? ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల మీద క్రెడిట్ తీసుకోవడానికి గడువు తర్వాతి నవంబరు 30. అంటే 2025 నవంబరు 30. అదీ దాటింది. కాబట్టి 90,000 కట్టాల్సిన చోట మొత్తం 9,00,000. దాని మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. గిరాకీ దగ్గర పన్ను తీసుకోలేదు కదా, ధరలోనే పన్ను ఉందని ఎందుకు ఒప్పుకోవాలి అని అధికారి పట్టుబడితే 59 లక్షల మీద నేరుగా 18 శాతం, 10,62,000. ధరలోనే పన్ను కలిసి ఉందన్న వాదన డబ్బు అడిగే నోటీసుకిచ్చే జవాబులో మొదటి పేజీలోనే రాయాలి, CMP-08లో కట్టిన 59,000 సర్దమని కూడా అక్కడే అడగాలి.

ఒక ఊరట. CMP-05 అడిగేది అర్హత గురించే, డబ్బు గురించి కాదు. డబ్బు అడిగేది తర్వాత వచ్చే DRC-01. మోసం లేని కేసయితే అది అందిన 60 రోజుల్లో పన్ను, వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు. కట్టకపోతే పన్నులో 10 శాతం. మోసమని తేలితే పన్నంత పెనాల్టీ. ఇక్కడ మన ఓనరుకు తన GSTR-4 అక్కరకొచ్చింది. అమ్మకం 2,07,20,000 అని తానే రాసిచ్చిన మనిషి దాచాడని అనడం కష్టం. బావమరిది పేరుతో రెండో అంగడి పెట్టినవాళ్లకు ఈ సౌకర్యం లేదు.

2025-26 లెక్క ఇంకా ఉంది. డిసెంబరు 6న పోయిన కాంపోజిషన్ ఏప్రిల్లో దానంతటది తిరిగి రాదు. ముందటేడు అమ్మకం రెండు కోట్లు దాటింది కాబట్టి అడిగినా రాదు. ఏప్రిల్ 2025 నుంచి అమ్మిన ప్రతి పైపు మీదా పన్ను కట్టాలి. అయితే ఆ ఏడాది కొనుగోళ్ల మీద క్రెడిట్‌కు 2026 నవంబరు 30 దాకా సమయం ఉంది. కొత్త ఆడిటరు ఆ సంగతి చెప్పి, "ఏప్రిల్ నుంచి కొన్న బిల్లులన్నీ తీసుకురండి సామీ, అవి ఉంటే చాలా వరకు దిగుతుంది" అన్నాడు.

ఓనరు కాసేపు గోడ వంక చూశాడు. "బిల్లులా సార్? అవి మనకి పనికిరావు గదా అని మావోడు తాళాలు చుట్టడానికి వాడేసినాడే."