ఎంపీసీనా, బైపీసీనా: చంద్రగిరిలో ఒక సాయంత్రం

పాప అడిగింది: "టెన్త్‌లో మ్యాథ్స్ 61, సైన్స్ 84 వచ్చాయి. లెక్కలంటే భయం, బైపీసీ తీసుకుంటే తప్పించుకోవచ్చా? నాన్న ఎంపీసీయే అంటున్నాడు."

నాన్న: ఎంపీసీ అయితే ఇంజనీరింగ్ ఉంది, బీఫార్మసీకి కూడా పోవచ్చు. బైపీసీలో ఏముంది? డాక్టర్ సీటు రాకపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే.

మామ: బీఫార్మసీ మాట నిజమే బావా. కానీ ఎంపీసీ చదివితే అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ పోతాయి. ఆ రెండు కాలేజీలూ మన తిరుపతిలోనే ఉన్నాయి.

పాప: నేను డాక్టర్ అవుతానని ఎప్పుడన్నాను? దూడను పశువుల ఆసుపత్రికి తోలుకుపోయిన రోజు నుంచి వెటర్నరీయే అంటున్నా.

నాన్న: ఇష్టానికేం సామీ! నేనూ ఇష్టపడే పాలిటెక్నిక్‌లో చేరినా. రెండో సంవత్సరంలో వదిలేసి బస్టాండు దగ్గర అంగడి పెట్టుకున్నా.

మామ: నీ సంగతి వేరు బావా, నువ్వు క్లాసుకు పోతే కదా! పాపా, నీ ప్రశ్నలోనే తప్పుంది. బైపీసీలో మ్యాథ్స్ పేపర్ లేకపోయినా ఫిజిక్స్ ఉంటుంది, దాని కడుపులో లెక్కలే. నీట్‌లో 180 ప్రశ్నలకు 45 ఫిజిక్సే. అగ్రికల్చర్ కోసం ఈఏపీసెట్ రాసినా 160లో 40 అదే. సరే, ఇది చెయ్యి. కుంభాకార కటకం, నాభ్యంతరం 20 సెంటీమీటర్లు. వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ప్రతిబింబం ఎక్కడ?

(పాప కిరణ చిత్రం చక్కగా గీసింది. కింద లెక్క దగ్గర 1/20లోంచి 1/30 తీసేసి −1/10 అని రాసింది.)

నాన్న: చూసినావా! పదో తరగతి లెక్కే రాలేదు.

మామ: బొమ్మ చూడు బావా. ప్రతిబింబం కటకానికి అవతల, వస్తువుకంటే పెద్దదిగా, తలకిందులుగా వేసింది. అంటే ఫిజిక్స్ అర్థమైంది. తప్పిందల్లా భిన్నాల దగ్గరే. 20లోంచి 30 తీసేసింది. కసాగు 60 తీసుకుంటే 3/60లోంచి 2/60 పోయి 1/60, అంటే 60 సెంటీమీటర్లు. ఇది ఏడో తరగతి లోటు. కాలేజీ తెరిచేలోపు రోజూ గంట కూర్చుంటే సరిపోతుంది. బొమ్మే తప్పు వేసుంటే నేనూ భయపడేవాణ్ణి.

నాన్న: అంత సులభమైతే ఎంపీసీయే చదవొచ్చు కదా?

మామ: ఎంపీసీలో ఫిజిక్స్‌తో పాటు మ్యాథ్స్ కూడా రెండేళ్లు మోయాలి. ఈ 61 ఎక్కడ పోగొట్టుకుందో జవాబు పత్రం చూడకుండా నేను చెప్పలేను.

నాన్న: నెల చదివినా ఇట్లాగే తప్పితే?

మామ: అప్పుడు బైపీసీలోనూ ఏడుస్తుంది. సీఈసీ గురించి మాట్లాడుకోవాలి.

నాన్న: ఆ మాట నా ఇంట్లో ఎత్తొద్దు సామీ.

పాప: వస్తువును 40 దగ్గర పెడితే ఎంతొస్తుంది మామా? ఉండు, నేనే చేస్తా.