ఇరవై రూపాయల లాకెట్‌కి హాల్‌మార్క్ ఎవరు వేస్తారు?

పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి విజయనగరం వచ్చినవాళ్లు పిల్లలకి ఏదో ఒకటి కొనిపెట్టకుండా వెనక్కి వెళ్లరు. అట్టముక్కలకి గుచ్చి వేలాడదీసిన లాకెట్లు, ఉంగరాలు ఇరవైకీ ముప్ఫైకీ దొరుకుతాయి. చవకరకం గిల్టు నగల్లో సీసం, కాడ్మియం లాంటి విషపు లోహాలు బయటపడ్డాయన్న వార్తలు చదువుతూనే ఉన్నాం కాబట్టి ఆ కథంతా మళ్లీ చెప్పను. నేననేది ఒక్కటే, ఆరేళ్లలోపు పిల్లల ఒంటిమీద పోతపోసిన గిల్టు నగ ఉండకూడదు, ఎంత ముద్దొచ్చినా సరే.

సీసం 327 డిగ్రీల దగ్గర, కాడ్మియం 321 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. ఇత్తడి కరగాలంటే 900 దాటాలి. తక్కువ వేడితో పని అయిపోతుంది, సన్నటి పువ్వుల డిజైను కూడా అచ్చులో చక్కగా దిగుతుంది, చేతికి బరువుగానూ తగులుతుంది. పైన పల్చగా బంగారు రంగు పూత. అన్నిట్లోనూ ఈ లోహాలు ఉండవు, కానీ ఎందులో ఉన్నాయో చూసి చెప్పలేం. పిల్లలు లాకెట్‌ని కొరికేదీ చప్పరించేదీ అంచుల దగ్గరే, ముందుగా పూత పోయి బూడిదరంగు బయటపడేదీ అక్కడే. పూత దెబ్బతిన్న నగ నుంచి కాడ్మియం చాలా రెట్లు ఎక్కువగా బయటికొస్తుందని అమెరికాలో చేసిన పరీక్షల్లో తేలింది.

నోట్లో పెట్టుకోవడం ఒక ఎత్తు, మింగేయడం ఇంకో ఎత్తు. 2006లో మినియాపొలిస్‌లో నాలుగేళ్ల పిల్లాడు బూట్లతో ఉచితంగా ఇచ్చిన బ్రేస్‌లెట్ తాలూకు హృదయాకారపు బిళ్ల మింగేశాడు. వాంతులవుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లారు, మామూలు కడుపు ఇన్ఫెక్షన్ అనుకుని పంపేశారు. మళ్లీ తెచ్చేసరికి పరిస్థితి చెయ్యి దాటింది. రక్తంలో సీసం డెసీలీటరుకి 180 మైక్రోగ్రాములు, అప్పట్లో 10 ఉంటేనే ఆందోళన పడేవారు. పిల్లాడు బతకలేదు. ఆ బిళ్లలో 99 శాతం సీసమే. కడుపులోని ఆమ్లం దాన్ని కరిగిస్తూ పోయింది. తర్వాత అమెరికా పిల్లల వస్తువుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లలో 100 పాళ్లకి కట్టడి చేసింది, అంటే పది గ్రాముల లాకెట్‌లో ఒక్క మిల్లీగ్రాము. వ్యాపారం ఊరుకుంటుందా? 2010 నాటికి కొన్ని పిల్లల నగల్లో సీసం స్థానంలో కాడ్మియం వచ్చి కూర్చుంది, కొన్నిట్లో 90 శాతం దాకా! అది మూత్రపిండాల్లో చేరితే దశాబ్దాల పాటు కదలదు. ఉద్దానం జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, దానికీ దీనికీ నేను ముడిపెట్టడం లేదు గానీ, మన వైపు కిడ్నీ అన్న మాట వింటేనే టెన్షన్.

'మేం ఏళ్ల తరబడి వేసుకుంటున్నాం, ఏమైంది?' అంటారు. నిజమే, చర్మం గుండా ఈ లోహాలు లోపలికి వెళ్లేది చాలా తక్కువ, పెద్దవాళ్లకి భయం అంతగా లేదు. కానీ ఒళ్లో పాప చీకేది అమ్మ మెడలోని గొలుసునే. ఇంకొకటి, దురద రాలేదు కాబట్టి మంచిదే అనుకోవడం శుద్ధ తప్పు. దురద సాధారణంగా నికెల్ వల్ల వస్తుంది. సీసం దురద పెట్టదు, ఏ సంకేతమూ ఇవ్వదు.

మరి ఏం కొనాలి? చిన్నపిల్లలకి దారంతో, గుడ్డతో చేసినవి చాలు. లోహమే కావాలంటే హాల్‌మార్క్ ఉన్న వెండి, లేదా స్టెయిన్‌లెస్ స్టీలు, అదీ ఊడి గొంతులో పడే చిన్న ముక్కలు లేనిది. పెద్దవాళ్లు వన్ గ్రామ్ గోల్డ్ వేసుకోండి, పూత పోయినదాన్ని మాత్రం పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకండి. సైజుకి మించి బరువున్న లాకెట్, పూత పోయిన చోట తెల్లకాగితం మీద రుద్దితే పెన్సిల్ గీతలా పడేది, సీసం కావచ్చు. గీత పడకపోతే మంచిదని మాత్రం అనుకోవద్దు, కాడ్మియం అలా దొరకదు. పిల్లలు మింగేస్తే మలంలో వస్తుందిలే అని ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, గిల్టు నగ మింగారని ఆ మాటే చెప్పి ఎక్స్‌రే తీయించండి.

ఇక అసలు సంగతి. బంగారం కొనేవాడికి హాల్‌మార్క్ ఉంది. అతుకులో కాడ్మియం కలిపే కేడీఎం మీద ఎంత చర్చ జరిగిందో గుర్తుంది కదా. బొమ్మలకి 2021 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇంటి గోడల రంగుకి కూడా సీసం పరిమితి ఉంది. జాతరలో లాకెట్ ఉన్న అట్ట తిప్పి చూడండి, ధర తప్ప ఏముంటుంది? లక్ష పెట్టినవాడి డబ్బుకి ఉన్న కాపలా ఇరవై పెట్టినవాడి పిల్లకి లేదు. పరికరాలు లేవనడానికీ వీల్లేదు. బంగారం షాపుల్లో కేరెట్ చూసే ఎక్స్‌రే మెషీన్ సీసాన్నీ కాడ్మియాన్నీ కూడా పట్టగలదు. పైన పూత ఉంటుంది కాబట్టి కాస్త గీకి చూడాలి, అతి తక్కువ మోతాదు దొరక్కపోవచ్చు, కానీ సగానికి సగం సీసమే ఉన్న బిళ్ల దాక్కోలేదు. వచ్చే సిరిమానుకి అధికారులు అలాంటి మెషీన్ ఒకటి పట్టుకుని దుకాణాల దగ్గరికి రావాలి, చిన్న వర్తకుడి మీద కేసు రాయడానికి కాదు, అతనికి ఆ సరుకు పంపిన హోల్‌సేలర్ ఎవరో రాసుకుని వెళ్లడానికి.