‘నేను’ అంటే నిజం, ‘అతను’ అంటే దూరమా?

కొత్తగా రాసేవాళ్లకు తరచూ ఇచ్చే సలహా ఇది: “ఆత్మకథను ‘నేను’ అనే రాయాలి, అదే నిజాయితీ. నవలకైనా కొత్తవాళ్లకు ‘నేను’ సులువు, పాఠకుడు వెంటనే దగ్గరవుతాడు. నచ్చకపోతే తర్వాత ‘అతను’ అని మార్చుకుంటే సరి.”

ముందు నిజాయితీ సంగతి. దక్షిణాఫ్రికా రచయిత జె.ఎం. కూట్సీ 1997లో తన బాల్యాన్ని ‘బాయ్‌హుడ్’గా రాసినప్పుడు ‘అతను’ అనే రాశారు. ఆ పిల్లవాడి సిగ్గు, అబద్ధాలు, తల్లి మీద కసురుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. వాటికి సంజాయిషీ చెప్పడానికి పెద్దవాడు మధ్యలోకి రాడు. ‘నేను’ అనగానే మనల్ని మనం సమర్థించుకోవాలనిపిస్తుంది. అయితే ‘అతను’ వల్ల నష్టమూ ఉంది: ఇది జరిగిందా, కల్పించారా అన్న అనుమానం పాఠకుడిని వదలదు.

‘నేను’ సులువన్న మాట నేను అసలే ఒప్పుకోను. అందులో ఇద్దరుంటారు: అనుభవించినవాడు, ఇప్పుడు చెబుతున్నవాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు రాత్రి నిద్ర నటిస్తూ తండ్రి అప్పు చేయడం చూశాడనుకుందాం. “నాన్న ప్రామిసరీ నోటు మీద సంతకం చేశారు. నూటికి మూడు రూపాయల వడ్డీ. పొలం పోతుందని నాకు అర్థమైంది.” మొదటి వాక్యం పిల్లవాడు చూసింది. రెండోది పెద్దవాడికి తెలిసింది. మూడోది ఆ రాత్రి జరగనే లేదు. పిల్లవాడికి కనిపించేది రెవెన్యూ స్టాంపును నాలుకతో తడపడం, తండ్రి కలం మూత పెట్టడం మరచిపోవడం, తల్లి లోపలి నుంచి రాకపోవడం. వడ్డీ సంగతి చెప్పాలంటే పెద్దవాడు బాహాటంగా రావాలి: “పొలం అమ్మి తీర్చాక చెల్లు రాసి ఇచ్చిన ఆ నోటు, నాన్న పోయాక ట్రంకు పెట్టెలో దొరికింది.” మంచి వాక్యమే, కానీ ఆ రాత్రి భయం అక్కడితో తెగిపోతుంది.

నవలలో ‘అతను’ అంటే తల్లి మనసులోకీ వెళ్లవచ్చు. ఒకసారి వెళ్లాక ఆమెకు తెలిసినదాన్ని దాచిపెడితే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. ఆత్మకథలో అయితే ఆమె మనసులో ఏముందో మీకు తెలియదు, రాస్తే అది కల్పనే.

దగ్గరితనం గురించి ఒక్క మాట చాలు. “నాకు భయం వేసింది” అన్నా, “వాడికి భయం వేసింది” అన్నా దూరం ఒకటే. ఆ స్టాంపు కనబడినప్పుడే పాఠకుడు గదిలోకి వస్తాడు.

ఇక మార్చుకోవడం. కాఫ్కా 1922లో ‘కోట’ నవలను ‘నేను’తో మొదలుపెట్టి, కొంత రాశాక దాన్ని కొట్టేసి, కథానాయకుడి పేరుగా ‘కె.’ అని మార్చాడు. అతని కథకుడు వెనక్కి తిరిగి వ్యాఖ్యానాలు చేసేవాడు కాదు కాబట్టి అది అతికింది. తెలుగులో ‘చూశాను’ను ‘చూశాడు’ చేయడం చిన్న పనే, చిక్కు వేరేచోట ఉంది. “నాన్న సంతకం చేశారు” అన్న వాక్యాన్నే చూడండి. ఇప్పుడు ఎవరి నాన్న? వాళ్ల నాన్న అంటారా, పేరు పెడతారా? పేరు పెడితే ‘చేశారు’ ఉంటుందా, ‘చేశాడు’ అవుతుందా? తొమ్మిదేళ్లప్పుడు ‘వాడు’ అయినవాడు ఏ అధ్యాయంలో ‘అతను’ అవుతాడు? పుస్తకమంతా రాశాక కాదు, ఇలాంటి ఒక్క పేజీని రెండు విధాలా రాసి చూసుకుని ముందే తేల్చుకోవాల్సినవి ఇవి.