బ్యాకాఫ్ ఒక్కటే డబుల్ కట్‌ని ఆపదు

"రీట్రైకి ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ పెట్టేయండి, డబుల్ పేమెంట్ గోల ఉండదు. ఇంకా డౌట్ ఉంటే ఇన్సర్ట్‌కి ముందు అదే ఐడీ ఉందేమో ఒక సెలెక్ట్ కొట్టి చూస్కోండి, అయిపాయె. ప్రతి లేయర్‌లో మూడేసి రీట్రైలు పెడితే సిస్టమ్ ఇంకా గట్టిగా ఉంటది."

మాదాపూర్, గచ్చిబౌలి డెవలపర్ల గ్రూపులన్నిట్లో ఈ ఫార్వర్డ్ తిరుగుతోంది, కింద అందరూ థంబ్స్ అప్ కొడుతున్నారు. ఇందులో ఉన్న మూడు మాటలూ తప్పే, మూడోది అయితే డేంజర్ కూడా.

మొదటి మాట చూద్దాం. అమీర్‌పేటలో ట్రైన్ ఎక్కుతూ ఒకాయన వాలెట్‌లో 200 రీఛార్జ్ కొట్టాడు అనుకోండి, బ్యాలెన్స్ అప్పటికి 150. సర్వర్ 1.8 సెకన్లకి బ్యాంకు నుంచి 200 తీసుకుని, వాలెట్‌లో వేసి కమిట్ కూడా చేసేసింది, కానీ ఆయన ఫోన్‌కి సిగ్నల్ పోయి జవాబు అందలేదు. యాప్ టైమౌట్ 2 సెకన్లు, అది అయిపోయింది, బ్యాకాఫ్ ప్రకారం 1 సెకను ఆగి మూడో సెకనుకి మళ్లీ పంపింది. బ్యాలెన్స్ 350 కాస్తా 550 అయింది, బ్యాంకులో 400 పోయింది. ఇక్కడ 1 సెకను కాదు, 10 నిమిషాలు ఆగినా ఇదే జరిగేది. టైమౌట్ అంటే పని ఫెయిల్ అయిందని కాదు, జవాబు రాలేదని మాత్రమే, పని అయిందో లేదో యాప్‌కి తెలిసే దారే లేదు. బ్యాకాఫ్ ఉన్నది కిందపడ్డ సర్వర్‌కి కాస్త ఊపిరి ఇవ్వడానికి, అది కూడా జిట్టర్ లేకపోతే పూర్తిగా ఇవ్వదు, ఎందుకంటే ఒకేసారి ఫెయిలైన వెయ్యి ఫోన్లు 1, 2, 4, 8 సెకన్ల గ్యాప్‌తో మళ్లీ ఒకేసారి వచ్చి పడతాయి. అందుకే రాండమ్ కలపాలి:

```
sleep = random(0, min(cap, base * 2^n))
```

డబ్బు సంగతి తేల్చేది ఐడెంపొటెన్సీ, అంటే అదే రిక్వెస్ట్ ఎన్నిసార్లు వచ్చినా ఫలితం ఒక్కసారి వచ్చినట్టే ఉండటం. దానికి యాప్ మొదటిసారి పంపేముందే ఒక కీ తయారు చేసి, ప్రతి రీట్రైలో అదే కీని `Idempotency-Key` హెడర్‌లో పంపాలి. రీట్రై లూప్ లోపల కీ పుట్టించే కోడ్ చాలాచోట్ల కనిపిస్తది, అప్పుడు ప్రతిసారీ కొత్త కీ, సర్వర్‌కి ప్రతిసారీ కొత్త రీఛార్జే, ఇక అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

ఇక సెలెక్ట్ కొట్టి చూస్కోమన్న మాట. యాప్ పంపిన మొదటి రిక్వెస్ట్ సర్వర్‌లో ఇంకా నడుస్తుండగానే రీట్రై వచ్చిందనుకోండి, రెండూ సెలెక్ట్ కొడతాయి, రెండిటికీ ఏమీ కనిపించదు, రెండూ ఇన్సర్ట్ చేస్తాయి. టెస్టింగ్‌లో దొరకదు ఇది, లోడ్ ఉన్నరోజే బయటపడుతది. చూసే పని డేటాబేస్‌కే వదిలేయాలి, కీ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి:

```sql
INSERT INTO recharge (idem_key, wallet, amount)
VALUES ('a7f3', 4412, 200)
ON CONFLICT (idem_key) DO NOTHING;
```

పోస్ట్‌గ్రెస్‌లో రెండో ఇన్సర్ట్ మొదటిది కమిట్ అయ్యేదాకా ఆగుతది. కమిట్ అయితే రెండోదానికి సున్నా రోస్ వస్తాయి, అప్పుడు సేవ్ చేసిన పాత జవాబునే తిరిగి ఇచ్చేయాలి, మొదటిది రోల్‌బ్యాక్ అయితే ఇదే ముందుకెళ్తది. బ్యాలెన్స్ పెంచే అప్‌డేటూ, జవాబు సేవ్ చేయడమూ ఇదే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి, లేకపోతే మధ్యలో సర్వర్ పడితే కీ ఉంటది, డబ్బు ఉండదు.

కానీ బయటి బ్యాంకుకి చేసే కాల్ మన ట్రాన్సాక్షన్‌లోకి రాదు కదా. మనం రోల్‌బ్యాక్ చేసినా వాళ్లు కట్ చేసింది వెనక్కి రాదు, కాబట్టి ఆ కీనే వాళ్లకీ పంపాలి, వాళ్ల దగ్గర ఆ సదుపాయం లేకపోతే మళ్లీ కట్ చేయమనే ముందు పాత లావాదేవీ స్టేటస్ అడిగి తెల్సుకోవాలి. ఇంకోటి, కీలు ఎన్నాళ్లు దాస్తున్నారో చూస్కోండి. 24 గంటలకి తుడిచేసే సర్వర్‌కి, క్యూలో ఇరుక్కున్న మెసేజ్ మూడో రోజు వస్తే అది కొత్త రిక్వెస్టే.

మూడో మాటకి లెక్క చాలు. మూడు రీట్రైలంటే మొత్తం నాలుగు ప్రయత్నాలు. యాప్, గేట్‌వే, సర్వీస్, మూడూ తలా నాలుగు ప్రయత్నాలు చేస్తే అడుగున ఉన్న డేటాబేస్‌కి ఒక్క క్లిక్‌కి 4×4×4, అంటే 64 కాల్స్. అసలే నీరసంగా ఉన్న డేటాబేస్ అది, పూర్తిగా మంచం పడుతది. రీట్రై ఒక్క లేయర్‌లోనే పెట్టండి, 400 లాంటి తప్పు రిక్వెస్టులకి అసలు వద్దు, 503కో టైమౌట్‌కో చాలు.

మీ కోడ్ ఎలా ఉందో చూడాలంటే టెస్ట్‌లో కమిట్ అయ్యాక, జవాబు వెళ్లేలోపు కనెక్షన్ తెంపండి, క్లయింట్‌ని మళ్లీ పంపనివ్వండి, తర్వాత లెడ్జర్‌లో ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో లెక్కపెట్టండి. రెండుంటే ఆ ఫార్వర్డ్ పెట్టినాయనకి స్క్రీన్‌షాట్ పంపండి.