‘అన్నారు’ గారికి ఒక సబ్ ఎడిటర్ విన్నపం

మహారాజశ్రీ ‘అన్నారు’ గారికి, మీ తమ్ముళ్లు ‘పేర్కొన్నారు’, ‘తెలిపారు’, ‘స్పష్టం చేశారు’లకు, పెద్దల్లుడిలా పండక్కే వచ్చే ‘ఉద్ఘాటించారు’ గారికి నమస్కారాలు.

మీరు లేకపోతే నా జీతం లేదు, ఒప్పుకుంటాను. కానీ మీతో ఒక చిక్కుంది. నాయకుడు ఏం మాట్లాడినా మీకు ఒకటే. రైతే దేశానికి వెన్నెముక, అన్నారు. ఊరి ఆసుపత్రి ఎత్తేస్తున్నాం, అన్నారు. రెంటికీ అదే ముఖం పెట్టుకుని వాక్యం చివర కూర్చుంటారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడి భవనం ప్రారంభోత్సవానికి వెళ్లాను. మంత్రిగారు యాభై నిమిషాలు మాట్లాడారు. నేనూ వరుసగా దించేశాను, ఇంట్రోలో ‘విద్యతోనే అభివృద్ధి సాధ్యమని అన్నారు’ అని పెట్టి, పదమూడో పేరాలో ‘ఇక్కడి పశువుల ఆసుపత్రిని మండల కేంద్రానికి తరలిస్తామని కూడా చెప్పారు’ అని ముగించాను. మర్నాడు పోటీ పేపర్లో హెడ్డింగ్ ఆసుపత్రి మీదే ఉంది. డెస్క్ ఇన్‌ఛార్జి నా కాపీలో ఆ ‘కూడా’ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, ఏమీ అనకుండా టీకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచి ప్రసంగం వింటున్నప్పుడు నోట్స్‌లో మార్జిన్ వదులుతాను. నేను ముందే విన్న మాట వస్తే పక్కన ‘పా’ అని రాస్తాను, అంటే పాతది. విననిది వస్తే చుక్క, పక్కనే టైము. చుక్కలు గంటకి రెండు మూడు కంటే ఎక్కువ పడవు, కొన్ని సభల్లో ఒక్కటీ పడదు, అప్పుడు వార్త రెండు పేరాలకి మించకూడదని నా అభిప్రాయం (ఖాళీ జాగా చూసి గుండె ఆగిపోయే పేజీ ఇన్‌ఛార్జి అభిప్రాయం వేరు).

2019 ఆగస్టు 15 సంగతి చెప్తాను. ఎర్రకోట మీద ప్రధాని మోదీ గంటన్నర మాట్లాడారు. 370 అధికరణం వచ్చింది. పది రోజుల కిందటే పార్లమెంటులో అయిపోయిన కథ, పా. ట్రిపుల్ తలాక్, అదీ పా. ఇంటింటికీ కుళాయి నీళ్లు, జల్ జీవన్ మిషన్, మూడున్నర లక్షల కోట్లు. ఇక్కడ చెయ్యి ఆగుతుంది, అంకె చూడగానే బ్యానర్ కొట్టాలనిపిస్తుంది. కానీ జులై 5 బడ్జెట్ కాపీ తీస్తే 2024కల్లా ఇంటింటికీ నీళ్లన్న మాట అందులోనే ఉంది. కొత్తది ఆ మొత్తం ఒక్కటే, కాబట్టి రెండో పేరా. తర్వాత జనాభా విస్ఫోటనం. ఎర్రకోట నుంచి ఆ మాట రావడం విశేషమే, దానికీ చుక్క పెట్టొచ్చు, కానీ చట్టమా, పథకమా, గడువా అంటే ఏదీ చెప్పలేదు. రేపు ఏ ఆఫీసులో ఏ ఫైలు కదులుతుంది అని అడిగితే జవాబు లేదు.

ఇంతలో త్రివిధ దళాలకూ కలిపి ‘చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్’ అనే పదవి పెడుతున్నామన్నారు. కార్గిల్ యుద్ధం తర్వాత మంత్రుల బృందం 2001లో సిఫార్సు చేస్తే అప్పటినుంచీ మూలన పడున్న విషయమది. ఫైలు కదులుతుంది, పదవి పుడుతుంది, మనిషి వస్తాడు. ఇంట్రో అదే. నాలుగున్నర నెలలకి, 2020 జనవరి 1న, జనరల్ బిపిన్ రావత్ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ వాక్యం పక్కన కూడా, అన్నారు గారూ, మీరు కుళాయి పక్కన కూర్చున్నట్టే కూర్చున్నారు.

మీ తమ్ముడు ‘స్పష్టం చేశారు’ గారి మీద మాత్రం వేరే ఫిర్యాదు ఉంది. 2019 డిసెంబరు 17న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ముఖ్యమంత్రి జగన్ రాజధాని చర్చకి జవాబిస్తూ దక్షిణాఫ్రికాకి మూడు రాజధానులున్నాయని, మనకీ అలా రావచ్చేమోనని చెప్పారు. ఆ ప్రసంగం మొత్తంలో ఇంట్రో అదేనని పట్టుకోవడం కష్టం కాదు. ఆ ‘ఏమో’ని హెడ్డింగ్ దాకా బతికించడమే కష్టం. రాజధాని సంగతి చూడమని ప్రభుత్వం వేసిన జి.ఎన్.రావు కమిటీ నివేదిక చేతికి రావడానికి ఇంకా మూడు రోజులుంది. అయినా అలాంటి కాపీ టైప్ చేస్తుంటే తమ్ముడుగారు పిలవకుండానే వచ్చేస్తారు. ‘రావచ్చేమోనని స్పష్టం చేశారు’ అని ఎవరైనా రాస్తే చదివేవాడు ఏం స్పష్టం చేసుకోవాలండీ?

మిమ్మల్ని మానేయమనడం లేదు. ఆ ఒక్క మాట దగ్గర కాస్త ముందుగా, మొదటి వాక్యంలోనే దర్శనమివ్వండి. మిగతా గంటంతా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి.

ఇట్లు,
మీ ఉప్పు తిని బతుకుతున్న సబ్ ఎడిటర్

తా.క.: నిన్న రాత్రి వచ్చిన కాపీలో ‘ఉద్ఘాటించారు’ గారు కనబడ్డారు. సభికులను భోజనం చేసి వెళ్లమని ఉద్ఘాటిస్తున్నారు.