తేలిక కాల్స్ పోయాక

"సులువైన కాల్స్ బాట్ తీసుకుంటే కథలోని ఆ కాల్ సెంటర్ అమ్మాయికి పని తగ్గాలి కదా, అంత అలసట ఎందుకు?"

తగ్గదండీ. నేను 6 ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. బ్యాలెన్స్ ఎంత, పార్సిల్ ఎక్కడ అనే కాల్సే మాకు కాస్త ఊపిరి తీసుకునే సందు. ఇప్పుడవి బాట్‌కి పోయాయి, మా దాకా వచ్చేవన్నీ ముదిరిన గొడవలే. మొన్న ఒక పెద్దాయనకు డబ్బు రెండుసార్లు కట్ అయింది. బాట్ ఆర్డర్ నంబర్ 4 సార్లు అడిగిందట. నేను హలో అనగానే "నువ్వన్నా మనిషివేనా తల్లీ?" అన్నారు. ఆయన స్థిమితపడటానికే 5 నిమిషాలు, రెండో పేమెంట్ ఎక్కడ ఆగిందో వెతకడానికి ఇంకో 12. టార్గెట్ మాత్రం కాల్‌కి 6 నిమిషాలే. తేలిక కాల్స్ కూడా కలిసి ఉన్న రోజుల్లో వేసిన సగటు అది, ఇంకా మార్చలేదు. కథలో ఆమె మ్యూట్ నొక్కి నీళ్లు తాగే చోట నాకు ఏడుపొచ్చింది.