సముద్రం అడుగు చారలు ఉత్త బలం తేడాలేనా? ఆ వైరల్ పోస్టుకి జవాబు

"సముద్రం అడుగున అయస్కాంత చారలు అన్నది కట్టుకథ. అక్కడ తిరగబడ్డ రాయి ఏదీ లేదు, అయస్కాంత బలం ఓ చోట కొంచెం ఎక్కువ, ఓ చోట కొంచెం తక్కువ, అంతే. డ్రిల్ చేసి చూస్తే ఒకే బోరులో రెండు దిక్కులూ కలిసే వచ్చాయి. వయసులు కూడా ఆ చారల్ని చూసే లెక్కేసుకుని, మళ్ళీ వాటినే రుజువంటున్నారు."

మొదటి మాటలో సగం నిజం ఉంది, అందుకే చాలామంది నమ్మేస్తున్నారు. ఓడ వెనకాల కేబుల్‌తో లాక్కెళ్ళే మాగ్నెటోమీటర్ రాయి ఏ దిక్కుకి అయస్కాంతమైందో చూడదు, ఆ చోట మొత్తం బలం ఎంతో చెప్తుంది. అందులోంచి భూమి మామూలు బలం తీసేస్తే మిగిలేది కొన్ని వందల నానోటెస్లాల తేడా, మైనస్ వచ్చిందంటే అక్కడ బలం తగ్గిందని. కానీ ఎందుకు తగ్గింది అన్నదే కదా అసలు ప్రశ్న! భూమి అయస్కాంత ఫీల్డ్ అప్పుడప్పుడు ఉత్తర దక్షిణాలు తారుమారై తిరగబడుతుంటుంది. లావా చల్లారేటప్పుడు ఆ రోజు ఆ ఫీల్డ్ ఏ దిక్కున ఉంటే ఆ దిక్కు రాయిలో ఉండిపోతుంది, ఇప్పటి దిక్కులోనే ఉన్న రాయి ఫీల్డ్‌కి కొంచెం కలుపుతుంది, తిరగబడ్డ రాయి కొంచెం తీసేస్తుంది (భూమధ్యరేఖ దగ్గర లెక్క ఇంత సూటిగా ఉండదు, అది వేరే సంగతి). బలంలో తేడాలు ఊరికే వచ్చినవైతే చారల వెడల్పులు ఎలా పడితే అలా ఉండాలి. అలా లేవు.

భూమి ఫీల్డ్ చరిత్రలో హారమిల్యో అని ఒక చిన్న ఘట్టం ఉంది. న్యూ మెక్సికోలో నేల మీది అగ్నిపర్వత రాళ్ళకి పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో వయసు కట్టి డోయెల్, డాల్రింపుల్ అనే శాస్త్రవేత్తలు 1966లో దాన్ని బయటపెట్టారు, సముద్రంతో దానికి ఏ సంబంధం లేదు. ఇప్పటి లెక్కల్లో భూమి ఫీల్డ్ చివరిసారి తిరగబడింది సుమారు 7.8 లక్షల ఏళ్ళ కింద, దానికి ముందు 10.7 నుంచి 9.9 లక్షల ఏళ్ళ కింద కొద్దికాలం ఇప్పటిలాగే ఉంది, అదే హారమిల్యో. రిడ్జ్ అంటే సముద్రం అడుగు చీలి, లావా పైకొచ్చి కొత్త నేలగా మారి రెండు పక్కలకీ జరిగిపోయే గట్టు. ఇప్పుడు పసిఫిక్-అంటార్కిటిక్ రిడ్జ్ తీసుకోండి, అక్కడ ఒక్కో పక్క ఏడాదికి సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు జరుగుతోంది. అంటే నడిమి చార ఒక్కో వైపు 35 కిలోమీటర్లు ఉండాలి, తర్వాత 44.5, 48 కిలోమీటర్ల మధ్య ఓ సన్నటి చార రావాలి. ఎల్టానిన్ ఓడ అక్కడ తీసుకొచ్చిన 19వ నంబర్ ప్రొఫైల్‌లో ఆ సన్న చార రిడ్జ్‌కి రెండు వైపులా ఉంది, ఆ గ్రాఫ్‌ని కుడిఎడమలు తిప్పేసి దాని మీదే పెట్టినా దాదాపు సరిపోతుంది! ఏడాదికి ఒక సెంటీమీటరే జరిగే రిడ్జ్ దగ్గరైతే ఇదే చార కిలోమీటరు కూడా ఉండదు, రెండు మూడు కిలోమీటర్ల నీళ్ళ పైనుంచి కొలిస్తే పక్కవాటిలో కలిసిపోతుంది. అక్కడ కనపడలేదని చూపించి ఇదంతా అబద్ధం అనేవాళ్ళు ఈ లెక్క వేసుకోవాలి.

బోరుల సంగతి నిజమే, దాచాల్సిందేం లేదు. 1974లో అట్లాంటిక్‌లో లెగ్ 37 అనే డ్రిల్లింగ్ యాత్రలో ఒకే బోరులో రెండు దిక్కుల రాళ్ళూ దొరికాయి. లావా ఒక గీత మీదే పుట్టి అక్కడే ఆగదండీ, కిలోమీటర్ల దూరం పారి పాత రాయి మీద పడుతుంది, మధ్యలో ఫీల్డ్ తిరగబడితే కింద ఒక దిక్కు పైన ఇంకో దిక్కు వస్తుంది. పగుళ్ళ దగ్గర దిమ్మలు ఒరుగుతాయి కూడా. పైనుంచి కొలిచినప్పుడు మాత్రం వందల మీటర్ల మందం, కిలోమీటర్ల వెడల్పు మొత్తం కలిపి కనిపిస్తుంది, ఒక బోరు అంటే అందులో ఒక సూది పోటు. అందుకే చారల అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, ఒకటి రెండు కిలోమీటర్ల మేర కలగాపులగంగా ఉంటాయి.

ఇక వయసులు. ఇక్కడ ఏది ముందు జరిగిందో చూడాలి. 1968 మార్చిలో హైర్ట్‌జ్లర్ అనే భూభౌతిక శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు దక్షిణ అట్లాంటిక్ ఒకే వేగంతో విడిపోతోంది అనుకుని, ఫీల్డ్ ఎప్పుడెప్పుడు తిరగబడిందో నేల మీది రాళ్ళతో తెలిసిన సుమారు 35 లక్షల ఏళ్ళ కొలతని దాదాపు 8 కోట్ల ఏళ్ళ దాకా సాగదీశారు, నిజం చెప్పాలంటే చాలా తెగింపే అది. అదే ఏడాది చివర్లో గ్లోమర్ ఛాలెంజర్ ఓడ లెగ్ 3లో అక్కడే బోర్లు వేసింది. బసాల్ట్ అనే లావా రాయికి సరిగ్గా పైనున్న బురద తీసి అందులోని సూక్ష్మజీవుల శిలాజాలతో వయసు కట్టారు, శిలాజాలకి అయస్కాంతంతో పనేముంది? రిడ్జ్ నుంచి 422 కిలోమీటర్ల దగ్గర 2.4 కోట్ల ఏళ్ళు, 1010 దగ్గర 4.9 కోట్లు, 1303 దగ్గర 6.7 కోట్లు వచ్చాయి. చారలు చూసి చెప్పింది వరసగా 2.1, 5.3, 7 కోట్ల పైచిలుకు.

అచ్చంగా ఒకే అంకె రాలేదు, రాదు కూడా. రాయి పుట్టిన కొంతకాలానికి బురద మొదలైతే శిలాజం వయసు తక్కువే చూపిస్తుంది, దాంతోపాటు వేగం అన్ని కాలాల్లో ఒకేలా లేదని తర్వాత తేలింది, టైమ్ స్కేల్ చాలాసార్లు సరిచేశారు. కానీ ఆ బోరులో 2 కోట్లు రావాల్సిన చోట 10 కోట్లు వచ్చుంటే హైర్ట్‌జ్లర్ లెక్క మొత్తం ఆ ఓడ మీదే కూలిపోయేది.